స్లైడ్లు వీడియోగా మారేటప్పుడు గొంతుకు తగ్గ వేగం

ఒక ఉపాధ్యాయుడు చంద్రగ్రహణం గురించి ఎనిమిది స్లైడ్లతో పాఠం తయారు చేసుకున్నారనుకుందాం. తరగతిలో ఆయన చేతిలో మౌస్ ఉంటుంది, ఎదురుగా పిల్లల ముఖాలుంటాయి. ఎవరికైనా అర్థం కాలేదనిపిస్తే అదే స్లైడ్ మీద ఇంకాసేపు ఆగుతారు. అదే పాఠం వాట్సాప్‌లో తల్లిదండ్రుల ఫోన్లకు వెళ్లాలన్నా, బడి టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టి నడపాలన్నా ఆ మౌస్ నొక్కే చేయి ఉండదు. ఏ స్లైడ్ ఎంతసేపు నిలవాలో, చంద్రుడి బొమ్మ ఏ మాట దగ్గర కదలాలో, గొంతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అన్నీ ముందే ఆ ఫైల్‌లోకి చేరిపోయి ఉండాలి. పవర్‌పాయింట్‌లో ఈ పని చేయడానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. స్లైడ్లను వీడియోగా మార్చే వీలు 2010 వెర్షన్ నుంచే అందులో ఉంది. అప్పట్లో డబ్ల్యూఎంవీ ఫైల్ మాత్రమే వచ్చేది, 2013 వెర్షన్‌తో ఎంపీ4 కూడా వచ్చింది.

తెలుగులో స్లైడ్లు చేసేవారికి వీడియో వల్ల ప్రత్యేకంగా ఒక మేలుంది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన స్లైడ్‌ను ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు అర్థం లేని గుర్తులుగా మారిపోతాయి. యూనికోడ్‌లో చేసినా, మనం వాడిన ఫాంటు అవతల లేకపోతే కంప్యూటర్ మరో ఫాంటును తెచ్చి పెడుతుంది. అప్పుడు వరుసలు పెరిగి, వాక్యాలు పెట్టె దాటి కిందికి జారతాయి. వీడియోలో అక్షరం అక్షరంగా ఉండదు, బొమ్మగా అచ్చయిపోతుంది కాబట్టి ఏ ఫోన్‌లో చూసినా వొత్తులు, గుడులు పెట్టినవి పెట్టిన చోటే ఉంటాయి. అయితే ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే వీడియో తయారు చేయాలి. ఇంట్లో స్లైడ్లు చేసుకుని, బడి కంప్యూటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే అక్కడ ఎలా కనిపిస్తున్నాయో అలాగే శాశ్వతంగా అచ్చవుతాయి.

ఈ పనికి దిగిన చాలామంది మొదట వేగం నిర్ణయిస్తారు. Transitions ట్యాబ్‌లో After అన్న గడి ఉంటుంది. అందులో అన్ని స్లైడ్లకూ ఒకే అంకె, పది సెకన్లో పదిహేనో వేసేసి, తరువాత ఆ పదిహేను సెకన్లలో మాటలు ఇరికించాలని చూస్తారు. నా దృష్టిలో ఇది తలకిందుల పద్ధతి. శీర్షిక ఉన్న మొదటి స్లైడ్‌కు ఆరు సెకన్లు చాలు. భూమి నీడ రెండు రకాలుగా ఎందుకుంటుందో చెప్పే స్లైడ్‌కు నలభై సెకన్లు కూడా తక్కువే కావచ్చు. చెప్పాల్సిన మాటలను ముందు రాసుకుని, వాటిని మామూలు వేగంతో పలికి, ఆ పలుకుకు ఎంతసేపు పడితే స్లైడ్‌ను అంతసేపు నిలపాలి. పవర్‌పాయింట్‌లో గొంతు రికార్డు చేసినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. మీరు మాట్లాడినంత సేపూ కొలిచి, ఆ అంకెను అదే After గడిలో వేస్తుంది.

మాటలు రాసుకోవడానికి ప్రతి స్లైడ్ కిందా Notes అనే చోటుంది. స్లైడ్ మీద రాసిందే మళ్లీ చదివితే వినేవాళ్లకు విసుగు, ఎందుకంటే కన్ను గొంతు కంటే ముందే చదివేస్తుంది. స్లైడ్ మీద బొమ్మ, నాలుగైదు మాటలు ఉంచి, వివరణంతా గొంతుకు వదలాలి. ఫోన్ తెర మీద చూస్తారు కాబట్టి అక్షరాల సైజు 28 కంటే తగ్గకపోవడం మంచిది. స్లైడ్ కొలత 16:9 లో ఉందో లేదో Design ట్యాబ్‌లోని Slide Size దగ్గర ఇప్పుడే చూసుకోవాలి. పాత 4:3 కొలతలో ఉంటే టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. రికార్డింగ్ అయ్యాక కొలత మారిస్తే బొమ్మలన్నీ చోటు తప్పుతాయి.

మన పాఠంలో అయిదో స్లైడే ప్రాణం. ఎడమ పక్క సూర్యుడు, మధ్యలో భూమి, దాని వెనక కోసుగా సాగిన నీడ ఉంటాయి. చంద్రుడు ఆ నీడలోకి మూడు అడుగులుగా కదలాలి. మొదట పలుచటి నీడలోకి, తరువాత చిక్కటి నీడ అంచుకు, ఆపైన పూర్తిగా లోపలికి. ఈ మూడు కదలికలకూ Animations ట్యాబ్‌లో Motion Paths కింద ఉన్న Lines వాడి, ఒక్కోదానికి నాలుగు సెకన్ల వ్యవధి ఇచ్చి, మూడింటినీ On Click లోనే ఉంచాలి. ఎలాగూ వీడియోలో నొక్కేవాళ్లుండరు కదా, వీటిని ముందే After Previous కు మార్చాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. రికార్డు చేసేటప్పుడు మీరు ఏ క్షణాన నొక్కారో పవర్‌పాయింట్ గుర్తుపెట్టుకుంటుంది, వీడియోలో అదే క్షణాన చంద్రుడు కదులుతాడు. అందుకే నోట్స్‌లో నొక్కాల్సిన చోట గుర్తు పెట్టుకోవాలి, ఇలా:

```
భూమి వెనక రెండు నీడలున్నాయి, చూడండి.
[నొక్కు] చంద్రుడు ముందుగా పలుచటి నీడలోకి వచ్చాడు.
వెలుగు కాస్త మందగించింది, అంతే.
[నొక్కు] ఇప్పుడు చిక్కటి నీడ అంచు తాకింది.
ఒక పక్క కొరికినట్టు నల్లబడింది.
[నొక్కు] ఇక పూర్తిగా లోపలికి వెళ్లిపోయాడు.
```

మాట మొదలవడానికి కొంచెం ముందుగా నొక్కాలి. “అంచు తాకింది” అన్న మాట పూర్తయ్యేసరికి బొమ్మ నిజంగా అంచు దగ్గర ఉండాలంటే, నాలుగు సెకన్ల కదలిక అప్పటికే మొదలై ఉండాలి. ఒకసారి రికార్డు చేసుకుని చూస్తే ఎంత ముందు నొక్కాలో చేతికి తెలిసిపోతుంది.

ఇక రికార్డింగ్. కొత్త వెర్షన్లలో Record అనే ట్యాబే ఉంది. పాతవాటిలో Slide Show ట్యాబ్‌లో Record Slide Show అని కనిపిస్తుంది. పక్కనే ఉండే Rehearse Timings సమయాలను మాత్రమే కొలుస్తుంది, గొంతును పట్టుకోదు. సాధన కోసం దాన్ని వాడుకోవచ్చు. రికార్డు నొక్కగానే మూడు, రెండు, ఒకటి అని లెక్క వచ్చి మైకు తెరుచుకుంటుంది. పాఠం ముగిసేసరికి గొంతంతా ఒకే పొడుగాటి ఫైల్‌గా ఉండదు. ఏ స్లైడ్ మాటలు ఆ స్లైడ్‌కే, విడివిడి ముక్కలుగా అతుక్కుని ఉంటాయి. స్లైడ్ కింద కుడి మూలన వచ్చే చిన్న స్పీకర్ గుర్తు దానికి ఆనవాలు. ఈ పద్ధతిలోని మేలూ చిక్కులూ చాలావరకు ఇందులోంచే పుడతాయి.

ముందు మేలు చెబుతాను. ఏడో స్లైడ్‌లో మాట తడబడితే మొత్తం పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆ స్లైడ్ దగ్గర నిలబడి, From Current Slide అన్న ఎంపికతో మళ్లీ రికార్డు చేసి, ఆ ఒక్క స్లైడ్ అవగానే ఆపేస్తే పాత ముక్క పోయి కొత్తది వస్తుంది. మిగతా ఏడు స్లైడ్లూ అలాగే ఉంటాయి. ఆపకుండా తరువాతి స్లైడ్‌లోకి వెళ్తే మాత్రం అక్కడి పాత రికార్డింగ్ మీద కొత్తది పడుతుంది. అందుకని ఒక్కో స్లైడ్‌ను విడిగా చెప్పి, ఆపి, విని, బాగుంటేనే ముందుకు వెళ్లడం నాకు సరైన తీరుగా కనిపిస్తుంది. పైగా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకే బిగువుతో అయిదు నిమిషాలు పాఠం చెప్పగల గొంతు కూడా, ఎదురుగా పిల్లలు లేనప్పుడు నాలుగో నిమిషానికి నీరసిస్తుంది. ఆపుతూ చెబితే ఆ నీరసం వినిపించదు.

చిక్కు రెండు స్లైడ్ల మధ్య ఉంటుంది. ఒక స్లైడ్ కరిగిపోయి మరో స్లైడ్ వచ్చే ఆ కాస్త సమయంలో, అంటే ట్రాన్సిషన్ నడుస్తున్నప్పుడు, పవర్‌పాయింట్ గొంతును రికార్డు చేయదు. Fade అనే మామూలు ట్రాన్సిషన్‌కు మనం మార్చకపోతే 0.70 సెకను పడుతుంది. ఆ ముప్పావు సెకనులో మనం మాట్లాడితే ఆ మాట ఎక్కడా నమోదు కాదు. తరగతి అలవాటు ప్రకారం స్లైడ్ మారుస్తూనే వాక్యం అందుకుంటాం కాబట్టి “చంద్రుడు” అన్న మొదటి మాట వీడియోలో “ద్రుడు” అని వినిపిస్తుంది. వాక్యం చివర ఇంకా పలుకుతూనే మౌస్ నొక్కితే “కదులుతుంది” కాస్తా “కదులుతుం” దగ్గర తెగిపోతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర్లో ఉంటుంది కాబట్టి ఆ చివరి అక్షరాలు పోతే వాక్యం అర్థమే పోవచ్చు. “కనిపిస్తుంది” అన్నారో “కనిపించదు” అన్నారో వినేవారికి తెలియకుండా పోతుంది. దీనికి మందు క్రమశిక్షణే. స్లైడ్ పూర్తిగా తెర మీదికి వచ్చాక మనసులో ఒకటి లెక్కపెట్టి మాట మొదలుపెట్టాలి. చివరి మాట అయ్యాక మళ్లీ ఒకటి లెక్కపెట్టి నొక్కాలి. రికార్డు చేసేటప్పుడు ఈ ఆగుడు మరీ ఎక్కువనిపిస్తుంది గానీ, చూసేవారికి అది ఊపిరి తీసుకునే చోటు.

ఆ ఖాళీతో మరో సూక్ష్మమైన తంటా ఉంది. గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే మైకు ఆ హోరును కూడా పట్టుకుంటుంది. మనం మాట్లాడుతున్నంతసేపూ ఆ హోరు చెవికి అలవాటైపోయి వినిపించదు. ట్రాన్సిషన్ రాగానే గొంతుతో పాటు హోరు కూడా ఠక్కున ఆగిపోతుంది. ముప్పావు సెకను తరువాత మళ్లీ మొదలవుతుంది. ఎనిమిది స్లైడ్ల పాఠంలో ఏడుసార్లు ఇలా ఆగి మొదలైతే, అంతవరకు ఎవరూ గమనించని ఫ్యాన్ చప్పుడు అందరికీ వినిపించడం మొదలవుతుంది. రికార్డింగ్ చెడిపోయిందని, మైకు పాడైందని అనుకుంటారు. నిజానికి చెడింది గది. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, మంచం, పరుపు, బట్టల అలమర ఉన్న గదిలో కూర్చుని చెబితే చాలా తేడా కనిపిస్తుంది. ఖాళీ తరగతి గదిలో గోడలు గొంతును తిరిగి కొడతాయి. ల్యాప్‌టాప్‌లోని మైకు దాని లోపలి ఫ్యాన్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫోన్‌తో వాడే తీగ ఇయర్‌ఫోన్ల మైకే నయం. ల్యాప్‌టాప్‌కు ఆ ప్లగ్గు సరిపడితే దాన్నే వాడండి. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు పెడితే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి కొట్టిన చప్పుడు రాదు. ఇంత చేసినా హోరు మిగిలితే ఒక దారుంది. చాలా మెల్లని వాద్య సంగీతాన్ని మొదటి స్లైడ్‌లో చేర్చి, Playback ట్యాబ్‌లో Play in Background ఎంచుకుంటే అది స్లైడ్లు మారినా ఆగకుండా సాగుతుంది, ఖాళీలను కప్పుతుంది. పాఠానికి సంగీతం అడ్డమని నా అభిప్రాయం. నేనైతే ఫ్యాన్ ఆపడం దగ్గరే ఎక్కువ శ్రద్ధ పెడతాను.

అన్నీ రికార్డు చేశాక వెంటనే ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లకుండా View ట్యాబ్‌లో Slide Sorter తెరవాలి. స్లైడ్లన్నీ చిన్న చిన్నగా పేర్చి కనిపిస్తాయి, ఒక్కోదాని కింద అది నిలిచే సమయం ఉంటుంది. మన పాఠంలో ఆ అంకెలు వరుసగా 6, 32, 28, 40, 46, 38, 45, 20 సెకన్లు వచ్చాయనుకుందాం. కలిపితే 255, అంటే నాలుగు నిమిషాల పదిహేను సెకన్లు. ట్రాన్సిషన్లకు పట్టే సమయం దీనికి అదనం. ఎనిమిది స్లైడ్లకూ Fade ఉంటే ఇంకో అయిదారు సెకన్లు. అంటే తయారయ్యే వీడియో దాదాపు నాలుగు నిమిషాల ఇరవై సెకన్లుండాలి. ఈ లెక్కను కాగితం మీద రాసిపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఏదైనా స్లైడ్ కింద సమయం లేకపోతే అది తరువాత చేర్చిన స్లైడ్ అయి ఉంటుంది. దానికి గొంతు లేదు, సమయం లేదు కాబట్టి ఎక్స్‌పోర్ట్‌లో ఉండే మామూలు గడువు, అయిదు సెకన్లు మౌనంగా నిలిచి వెళ్లిపోతుంది. ఉన్న స్లైడ్‌ను కాపీ చేసి కొత్తది చేసి ఉంటే ఇంకా ఇబ్బంది. పాత స్లైడ్ గొంతు కూడా కాపీ అవుతుంది. బొమ్మ కొత్తది, మాటలు పాతవి. ఇక స్పీకర్ గుర్తును నొక్కి తుడిచేస్తే గొంతు పోతుంది గానీ సమయం అలాగే మిగులుతుంది. నలభై సెకన్లపాటు తెర మీద స్లైడ్ కదలక మెదలక నిలబడుతుంది. Trim Audio తో చివర్లోని దగ్గును కత్తిరించినా అంతే, గొంతు పొట్టిదవుతుంది గానీ After గడిలోని అంకె దానంతటది తగ్గదు. దాన్ని చేత్తో సరిచేయాలి. ఇవన్నీ Slide Sorter లో కనిపించే అంకెను, ఆ స్లైడ్‌లో నిజంగా వినిపించే మాటలను పోల్చితే తేలిపోతాయి. Hide చేసిన స్లైడ్లు వీడియోలోకి రావని కూడా గుర్తుంచుకోవాలి. ఒక స్లైడ్‌ను పాఠంలో వద్దనుకుంటే తుడిచేయకుండా దాచి ఉంచడానికి ఇది పనికొస్తుంది.

ఎక్స్‌పోర్ట్ చేయడం తేలిక. దారి ఇది.

```
File > Export > Create a Video
Full HD (1080p)
Use Recorded Timings and Narrations
Create Video
```

అక్కడ నాలుగు నాణ్యతలు కనిపిస్తాయి. అల్ట్రా హెచ్‌డీ అంటే 3840 గుణకం 2160 చుక్కలు. పాఠానికి అది అనవసరం. వీడియో తయారవడానికి చాలాసేపు పడుతుంది, ఫైల్ బరువవుతుంది. స్టాండర్డ్ 480 లో సన్నటి తెలుగు వొత్తులు అలుక్కుపోతాయి. క, ర వొత్తులు, సున్నా, దీర్ఘం కలిసి వచ్చే మాటలు చదవలేం. 1080 సరిగ్గా సరిపోతుంది, ఫోన్లకే అయితే 720 కూడా ఫర్వాలేదు. రెండో ఎంపిక దగ్గర జాగ్రత్తగా చూడాలి. అందులో Don't Use Recorded Timings and Narrations అన్నది కూడా ఉంది. పొరపాటున అదే ఉండిపోతే ఇంత కష్టపడి చెప్పిన గొంతు ఒక్క ముక్క కూడా వీడియోలోకి రాదు.

Create Video నొక్కాక ఫైల్ రకం ఎంపీ4 గా ఉంచాలి. డబ్ల్యూఎంవీని చాలా ఫోన్లు, టీవీలు గుర్తించవు. కిటికీ వెంటనే మూసుకుపోతుంది, పని పూర్తయినట్టే అనిపిస్తుంది. కానీ అడుగున ఉండే పట్టీలో పురోగతి గీత మెల్లగా నడుస్తుంటుంది. అది పూర్తయ్యే వరకు పవర్‌పాయింట్‌ను మూయకూడదు, ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా చార్జర్ పెట్టి ఉంచాలి. స్లైడ్‌లో ఉన్న లింకులు, నొక్కితే జవాబు కనిపించే ఆటలు వీడియోలో పనిచేయవు. అవసరమైతే ఆ జవాబును మామూలు యానిమేషన్‌గా మార్చి గొంతుతో పాటు చూపించాలి.

ఇప్పుడు ఆ కాగితం మీది లెక్క తీయండి. వీడియో నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దరిదాపుల్లో ఉంటే మొదటి పరీక్ష నెగ్గినట్టే. ఎనిమిది స్లైడ్లూ కలిసి నలభై సెకన్లకో, అంతకు కాస్త ఎక్కువకో ముగిసిపోతే, స్లైడ్‌కు అయిదు సెకన్ల లెక్కన నడిచిందని, అంటే ఆ రెండో ఎంపిక తప్పుగా పడిందని అర్థం. లెక్క సరిపోయాక వీడియోను మొదటినుంచి చివరిదాకా, కంప్యూటర్‌లో కాదు, ఎవరి కోసం చేశారో వారి దగ్గరుండే మామూలు ఫోన్‌లో, ఫోన్ స్పీకర్‌తోనే వినాలి. ప్రతి స్లైడ్ మొదటి మాట, చివరి మాట పూర్తిగా వినిపిస్తున్నాయా, చంద్రుడి కదలిక మాటతో కలుస్తోందా అన్నవి ముఖ్యం. ఒక స్లైడ్‌లో గొంతు పెద్దగా, మరో స్లైడ్‌లో చిన్నగా ఉంటే చిన్నగా ఉన్నదాన్ని మైకు అదే దూరంలో పెట్టుకుని మళ్లీ చెప్పడమే సరి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఆఖరి గండం ఒకటుంది. గ్యాలరీలోంచి వీడియోగా ఎంచి పంపితే వాట్సాప్ దాన్ని కుదించి బరువు తగ్గిస్తుంది. మనిషి ముఖానికి ఆ కుదింపు పెద్దగా తెలియదు గానీ, స్లైడ్ మీది అక్షరాల అంచులు మసకబారతాయి. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్ అన్న దారిలో అదే ఫైల్‌ను పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. అలా 2 జీబీ వరకు పంపవచ్చు, మన నాలుగు నిమిషాల పాఠం అందులో చాలా చిన్న భాగం.

ఎంపీ4 వచ్చేసింది కదా అని అసలు పీపీటీఎక్స్ ఫైల్‌ను మాత్రం తుడిచేయకండి. విడివిడి ముక్కలుగా ఉన్న గొంతు ఆ ఫైల్‌లోనే ఉంది, వీడియోలోంచి దాన్ని మళ్లీ విడదీయలేం. మన పాఠంలో ఎనిమిదో స్లైడ్ మన దగ్గర కనిపించిన సంపూర్ణ చంద్రగ్రహణం గురించి, 2025 సెప్టెంబర్ 7 రాత్రి గురించి చెబుతుంది. ఆ తేదీ దాటిపోయింది. 2028 డిసెంబర్ 31 రాత్రి మళ్లీ మన ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. అప్పటి పిల్లల కోసం ఆ ఒక్క స్లైడ్ మీది తేదీ మార్చి, ఆ ఇరవై సెకన్ల మాటలు మాత్రం మళ్లీ చెప్పి, ఇంకోసారి Create Video నొక్కితే చాలు. పాఠం యూట్యూబ్‌లో ఉంటే అదే లింకులో పాతదాని బదులు కొత్త వీడియో పెట్టడం కుదరదు. కొత్తగా ఎక్కించి, పాత వీడియో వివరణలో కొత్త లింకు ఇవ్వాలి.